రిటైరైన నాన్న, అమ్మ దినచర్య: అపోహలు - వాస్తవాలు

ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కి ఫోన్ చేసే పిల్లల్లో చాలామంది అడిగేది ఇదే. నాన్న రిటైరయ్యారు, డబ్బుకి లోటు లేదు, ఆరోగ్యం బాగానే ఉంది, అయినా అమ్మానాన్నలకి రోజూ గొడవే, ఎందుకని. వాళ్లు నమ్మే కొన్ని మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: ఇన్నాళ్లూ అమ్మ ఒంటరిగా ఉండేది, ఇప్పుడు తోడు దొరికింది.

పిల్లలు చదువులకి వెళ్లిపోయాక అమ్మ తన పగలుని తనకి కావలసినట్టు అమర్చుకుంది. ఆ అమరిక ఎవరికీ కనపడదు, ఎందుకంటే చూడ్డానికి ఇంట్లో ఎవరూ లేరు. ఒక ఇంటి సంగతి చెబుతాను, ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. ఆయన ఆంధ్రాలో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా 62 ఏళ్లకి రిటైరయ్యారు. ఆవిడ పదిన్నరకల్లా వంట ముగించి, స్నానం, పూజ చేసుకుని, పన్నెండు దాకా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ కూర బాగుచేసుకునేది, ఆ తర్వాత కాసేపు నడుం వాల్చేది. ఆయన ఇంట్లో ఉండటం మొదలయ్యాక పదకొండింటికి టీ, "ఎవరితో అంతసేపు?", పన్నెండున్నరకి వేడన్నం. దానితోపాటు పోపుడబ్బా సర్దడం, గ్యాస్ సిలిండర్ ఎన్నాళ్లొచ్చిందో క్యాలెండర్ మీద రాయడం. ఆఫీసులో అది పనిమంతుడి లక్షణం, ఇంట్లో ఆవిడకి మాత్రం తనమీద తనిఖీలా అనిపించింది.

అపోహ: నాన్నని వంటింట్లో సాయం చేయమంటే సరిపోతుంది.

పిల్లలు ఎక్కువగా ఇచ్చే సలహా ఇదే, ఎక్కువగా బెడిసికొట్టేదీ ఇదే. ఈ ఇంట్లోనూ కూతురు చెప్పిందని ఆయన కూరలు తరగడం మొదలుపెట్టారు. ముక్క పెద్దదైందని ఆవిడ, ఏ గిన్నె అని అడిగితే విసుక్కుంటోందని ఆయన. సాయం అంటే పని ఆవిడదే, ఈయన పక్కన నిలబడి అడుగుతుంటాడు, అంటే ఆవిడకి ఇంకో పని పెరిగినట్టు.

మేం చేసింది వేరు. ముందు ఒక వారం ఇద్దరినీ విడివిడిగా ఎప్పుడు, దేనికి చిరాకొచ్చిందో రెండు ముక్కల్లో రాయమన్నాం. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే గొడవల్లో ఎక్కువ భాగం పదింటికీ ఒంటిగంటకీ మధ్యే ఉంది, ఆవిడ కాగితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన మాట టీ. అంటే తగాదా మొత్తం కాపురం గురించి కాదు, రోజులో ఓ మూడు గంటల గురించి.

అప్పుడు నాలుగు విషయాలు ఒప్పుకున్నారు. పదకొండింటి టీ పూర్తిగా ఆయనదే, పాలు కాచడం నుంచి గిన్నె కడగడం దాకా, అందులో ఆవిడ వేలు పెట్టకూడదు, చక్కెర ఎక్కువైనా సరే. రైతుబజార్‌కి వెళ్లి వారానికి సరిపడా కూరగాయలు తేవడం కూడా ఆయనదే, ఏం కావాలో మాత్రం ఆవిడ చెబుతుంది. వంటింట్లో వస్తువు జరపాలంటే ఆవిడని అడగాలి. ఇక ఫోన్ టైమ్‌లో ఆయన లైబ్రరీకి వెళ్లడమో, పెన్షనర్ల సంఘం ఆఫీసులో అర్జీలు రాసిపెట్టడమో. ఈ రెండోది ఆయనకి బాగా పట్టింది, ఎందుకంటే అక్కడ ఆయనకి తెలిసిన పనితో ఇంకొకరికి అవసరం పడుతోంది. మొదటివారం ఆవిడ టీ గురించి నోరు ఆపుకోలేకపోయింది, ఆయన అలిగి మానేశారు, మళ్లీ కూర్చుని మాట్లాడాం. ఇలా ఒకటి రెండుసార్లు జరుగుతుంది, పథకం తప్పని కాదు.

అపోహ: ఇది చిన్న కీచులాట, అమ్మే సర్దుకుపోవాలి.

జపాన్‌లో 1990ల మొదట్లోనే నోబువో కురొకావా అనే వైద్యుడు, భర్త రిటైరై ఇంట్లో ఉండటంతో భార్యలకి వచ్చే కడుపునొప్పి, తలనొప్పి, నిద్రలేమి లాంటి వాటిని గమనించి దానికో పేరు పెట్టారు. మన దగ్గరా అమ్మలు "గ్యాస్" అనో "బీపీ" అనో చెప్పే బాధ ఎప్పుడు మొదలైందని అడిగి చూడండి. అయితే ముందు డాక్టర్‌కి చూపించాకే దాన్ని టెన్షన్ ఖాతాలో వేయాలి.

అపోహ: నాన్నది వయసు చాదస్తం.

గ్యాస్ లెక్క రాసేవాడికి పని కావాలి, అంతే. కానీ రెండు వారాలకి మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఆకలి తగ్గి బరువు పడిపోవడం, "నేనెందుకు ఇంక" అనే మాటలు ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి. చావు మాట వస్తే అదేరోజు. ఎప్పుడూ లేని అనుమానం, డబ్బు లెక్క తప్పడం, తెలిసిన దారి మర్చిపోవడం ఉంటే మెదడు పరీక్షలతో పాటు థైరాయిడ్, బి12 కూడా చూపించాలి. ఇక ఉద్యోగంలో ఉన్నప్పుడే చెయ్యి చేసుకునే మనిషి అయితే పైన చెప్పిన టీ ఒప్పందం పనికిరాదు, అక్కడ ముందు అమ్మ భద్రత చూడాలి, మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.