చచ్చిన కాకి చుట్టూ అంత గోల ఎందుకు?

చెన్నైలో మా వెస్ట్ మాంబళం సందుల్లో కరెంటు తీగ తగిలి ఒక కాకి కింద పడిందంటే చాలు, ఎక్కడెక్కడి కాకులూ పిట్టగోడల మీద చేరి చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. "మనుషులకి లేని బంధుప్రీతి వాటికుంది" అంటారు పక్క పోర్షన్ మామ్మగారు. నాకైతే అది పరామర్శలా కాదు, పోలీసుల పంచనామాలా అనిపిస్తుంది. పరిశోధకులు తేల్చిందీ ఇంచుమించు అదే.

అమెరికాలోని సియాటిల్‌లో కెయిలీ స్విఫ్ట్, జాన్ మార్జ్‌లఫ్ చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. ముందు కొన్ని రోజులు ఒకేచోట వేరుశనగలూ చిరుతిళ్ళూ వేసి అక్కడి కాకులకి అలవాటు చేశారు. తర్వాత ఒకరోజు, ముఖానికి రబ్బరు మాస్క్ తగిలించుకున్న మనిషి చచ్చిన కాకిని అరచేతుల్లో పెట్టుకుని ఆ తిండి దగ్గర నిలబడ్డాడు, అంతే, దాన్ని చంపలేదు, కదపలేదు. చూసిన కాకి అరిచింది, మిగతావి వచ్చి చేరాయి, అందరూ కలిసి ఆ మనిషిని తిట్టిపోశాయి.

అసలు సంగతి తర్వాత ఉంది. మనిషీ శవమూ లేకపోయినా, మర్నాటి నుంచి అవే కాకులు అదే తిండి దగ్గరికి రావడానికి చాలాసేపు తటపటాయించాయి. ఆ మాస్క్ ముఖం ఖాళీ చేతులతో మళ్ళీ కనిపిస్తే, ఆరు వారాల తర్వాత కూడా కొన్ని కాకులు దాన్ని చూసి అరిచాయి. మాస్క్ ఎందుకంటే, లోపల ఉండే మనిషి మారినా కాకికి ముఖం ఒక్కటే కావాలి కాబట్టి (పాపం, వాలంటీర్లు రేపు అదే వీధిలో నడవాలి కదా). కాకికి బదులు చచ్చిన పావురాన్ని పట్టుకుంటే ఇంత గొడవ జరగలేదు. అంటే కాకులు అక్కడ తెలుసుకుంటున్నది: మనవాడు ఎక్కడ పోయాడు, ఆ పక్కన ఎవరున్నారు.

మరి దుఃఖం లేదా? లేదని ఈ ప్రయోగం చెప్పదు, దాన్ని కొలవలేదు. కాకపోతే "అంత్యక్రియలు" అనడానికి అడ్డుపడే విషయం ఒకటి వీళ్ళిద్దరే 2018లో బయటపెట్టారు. నేల మీద పెట్టిన చచ్చిన కాకిని చాలా కాకులు ముట్టుకోనే లేదు. ముట్టుకున్నవాటిలో కొన్ని పొడిచాయి, లాగాయి, అరుదుగా ఒకటీ అరా దానితో జతకట్టబోయాయి కూడా, అదీ ఎక్కువగా గూళ్ళు కట్టే కాలం మొదట్లో. ఆ కాలపు ఉద్రేకంలో ఏది ప్రమాదం, ఏది జత అన్న విచక్షణ కొన్నిటికి తప్పుతుందేమోనని వాళ్ళ ఊహ.

ఇదంతా అమెరికన్ కాకి మీద చేసింది, మన మెడ బూడిదరంగు ఊరకాకి వేరే జాతి, కాబట్టి ఉన్నదున్నట్టు అంటగట్టలేం. డాబా మీద రోజూ అన్నం పెట్టేవాళ్ళు మాత్రం ఒకటి గమనించవచ్చు: అక్కడే ఒక కాకి చస్తే, మర్నాడు మెతుకులు ఎంతసేపు అలా పడి ఉంటాయో. ఆ చచ్చిన కాకిని చాటతో ఎత్తి పారేసే పని ఎవరికి పడితే వాళ్ళనే కాకులు గుర్తు పెట్టుకోవచ్చు, చంపింది కరెంటు తీగే అయినా సరే.