జ్వరం చార్టులో మాత్ర గీసిన గీత: అపోహలు - వాస్తవాలు

అపోహ: జ్వరం తగ్గి మళ్లీ వస్తోందంటే మలేరియానే.

వానాకాలంలో మా ఓపీలో రోజూ వినే మాట ఇది. ఈ ఆగస్టులో దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండే ఇరవై ఏళ్ల కుర్రాణ్ని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఆరు రోజులుగా జ్వరం. చిన్న నోట్‌బుక్ చూపించి, "సార్, పొద్దున 99, సాయంత్రం 103, రాత్రికి మళ్లీ 99. దిగి ఎక్కుతోంది, మలేరియానే కదా?" అంది.

వాస్తవం: ఆ ఎత్తుపల్లాలు పారాసెటమాల్‌వి. మాత్ర వేసిన రెండు గంటలకు చూస్తే 99, వేయడం మరిచిపోయిన పూట చూస్తే 103. ఆ పుస్తకంలో మాత్ర వేసిన టైమే లేదు.

వార్డులో చేర్చుకుని, పిల్లాడు తట్టుకుంటున్నాడు కాబట్టి ఒక రోజు మాత్ర ఆపాం. నాలుగు గంటలకోసారి చూస్తే ఉదయం ఆరింటికి 102.2, పదింటికి 102.4, మధ్యాహ్నం రెండింటికి 102.8, సాయంత్రం ఆరింటికి 103.4, రాత్రి పదింటికి 103, తెల్లవారుజామున రెండింటికి 102.4. రోజంతా తేడా 1.2 డిగ్రీలే, ఒక్కసారీ నార్మల్‌కు రాలేదు. ఇలా రెండు డిగ్రీల లోపే ఊగుతూ దిగని జ్వరాన్ని ఎడతెగని జ్వరం అంటాం. నాడి చూస్తే 90 దాటలేదు. అంత జ్వరానికి 120 దాకా ఉండాలి. దాంతో టైఫాయిడ్ మీద అనుమానం బలపడింది. న్యుమోనియాలోనూ గీత ఇలాగే ఉండొచ్చు కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీశాం, మలేరియా స్లైడు కూడా చూశాం. రెండింటిలో ఏమీ లేదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీసిన రక్తం కల్చర్లో మూడో రోజుకి టైఫాయిడ్ క్రిమి పెరిగింది.

అపోహ: మలేరియా అయితే కచ్చితంగా రోజు విడిచి రోజు వస్తుంది.

వాస్తవం: వైవాక్స్ రకానికి 48 గంటల లెక్క ఉంది నిజమే. కానీ మొదటి రోజుల్లో పరాన్నజీవులన్నీ ఒకే లయలో ఉండవు, అందుకే రోజూ జ్వరం రావచ్చు. దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఇప్పటికీ మలేరియాను తేల్చేది స్లైడే, గీత కాదు.

ఇక మాత్ర ప్రమేయం లేకుండానే చలి వణుకుతో 104కి ఎగిరి, చెమటలు పట్టి 98కి పడిపోతుంటే మాకు వేరే టెన్షన్. ఎక్కడో చీము గూడు కట్టిందేమోనని కాలేయానికి స్కాన్ రాస్తాం.

అపోహ: ఇంజెక్షన్లు మొదలై రెండు రోజులైనా జ్వరం ఉందంటే మందు పనిచేయట్లేదు.

వాస్తవం: టైఫాయిడ్‌కు సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టడం మామూలే. మూడో రోజు "మందు మార్చండి సార్" అని వాళ్లమ్మ గట్టిగా అడిగింది. చార్టు ఆమె ముందు పెట్టి రోజూ సాయంత్రం అంకెలే చూడమన్నాను: 103.4, 103, 102.2. ఐదో రోజు 100, ఆరో రోజు 98.6. మాత్ర వేసినప్పుడల్లా సిస్టర్ చార్టులో ఎర్ర బాణం గీస్తుంది. ఆరో రోజు గడిలో బాణం లేదు.