డ్రాల దగ్గర తప్పే లెక్క

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో సొంత మైదానంలో ఆడే జట్టు మ్యాచ్‌కి సగటున దాదాపు 1.5 గోల్స్ కొడుతుంది, బయటి నుంచి వచ్చిన జట్టు 1.2 దాకా కొడుతుంది. తొంభై నిమిషాలూ దాడులు సాగుతూనే ఉన్నా, గోల్ పడేది ఎప్పుడో ఒకసారి. ఇలా అరుదుగా జరిగేవాటికి పాయిజాన్ సూత్రం బాగా పనికొస్తుంది. సగటు λ తెలిస్తే సరిగ్గా k గోల్స్ పడే సంభావ్యత ఇది:

```
P(k) = e^(-λ) × λ^k / k!
```

అసలు పనంతా ఆ λ కట్టడంలోనే ఉంది. సొంత జట్టు మిగతావాళ్ల కంటే పాతిక శాతం ఎక్కువ గోల్స్ కొడుతోందనీ, ఎదుటి జట్టు పదిహేను శాతం తక్కువ ఇస్తోందనీ అనుకుందాం. 1.5 × 1.25 × 0.85, అంటే సుమారు 1.6. అలాగే ఎదుటి జట్టుకి 1.1 వచ్చిందనుకుందాం. ఇక 0-0 నుంచి ప్రతి స్కోరుకీ రెండు సంభావ్యతలనూ గుణించి కూడితే, సొంత జట్టు గెలుపు 49 శాతం, డ్రా 25, ఓటమి 26.

ఇప్పుడు ఈ గెలుపు, డ్రా, ఓటమిలకు బుకీ రేట్లు వరసగా 2.00, 3.50, 3.80 అనుకుందాం, అంటే గెలుపు మీద కట్టిన రూపాయికి రెండు రూపాయలు తిరిగొస్తాయి. ఒకటిని ఒక్కో రేటుతో భాగిస్తే 50, 28.6, 26.3 శాతాలు వస్తాయి. కూడితే దాదాపు 105. పైనున్న ఆ అయిదూ బుకీ కమీషన్. దాన్ని తీసేస్తే 47.7, 27.2, 25.1 మిగులుతాయి. మన 49 వాళ్ల 47.7 కంటే ఎక్కువే కదా అని సంబరపడితే బోల్తా పడ్డట్టే. వంద రూపాయలు కడితే సగటున తిరిగొచ్చేది 0.49 × 200, అంటే 98. బుకీని మించాలంటే 50 దాటాలి.

అసలు తేడా డ్రా దగ్గరుంది. మన లెక్క రెండు జట్ల గోల్స్‌కీ సంబంధం లేదనుకుంటుంది. నిజం మ్యాచ్‌లో అలా ఉండదు, 1-1 మీద చివరి పది నిమిషాల్లో ఇద్దరూ జాగ్రత్తపడటం మనం చూసేదే. 1997లో గణాంక శాస్త్రవేత్తలు మార్క్ డిక్సన్, స్టువర్ట్ కోల్స్ ఈ లోపాన్ని సరిదిద్దారు. వాళ్లు 0-0, 1-1 స్కోర్ల సంభావ్యతను కాస్త పెంచి, 1-0, 0-1లను అంతే తగ్గించారు. ఎంత మార్చాలో చెప్పే ρ విలువను పాత ఫలితాల నుంచే అంచనా వేస్తారు. మన ఉదాహరణలో దాన్ని -0.1గా తీసుకుంటే డ్రా 27.3కి ఎక్కుతుంది, గెలుపు 47.8కి దిగుతుంది. రేట్లు నేను ఎంచుకున్నవి కాబట్టే ఇంత ముచ్చటగా కలిశాయి. కానీ బుకీని ఓడించామనిపించిన ఆ ఒక శాతం మన తప్పే కావచ్చన్నది మాత్రం నిజం.

మరి ఏ లెక్క సరైనదో తేల్చేదెలా? సీజన్‌కి 380 మ్యాచ్‌లు. అన్నిట్లోనూ డ్రా తేడా ఇంతే అనుకున్నా, రెండు లెక్కల మధ్య తేడా సుమారు 9 డ్రాలు. అదృష్టం కొద్దీ సీజన్‌లో డ్రాల సంఖ్య ఎనిమిది అటూ ఇటూ కావడం మామూలే. కాబట్టి ఒక్క సీజన్‌తో తేలదు, చాలా సీజన్లు కావాలి. ఆలోగా జట్లలో సగం మంది మారిపోతారు.