కచ్చి మటన్ బిర్యానీ: అపోహలు, వాస్తవాలు, మా కొత్త హండీ వివరాలు

ఈ శుక్రవారం నుంచి మా మెనూలో కచ్చి మటన్ దమ్ బిర్యానీ చేరుతోంది. హబ్సిగూడలోని మా వంటగదిలో కూర్చుని తినే వీలు లేదు. వండడం, డబ్బాల్లో సర్దడం, ఇళ్ళకు పంపడం, అంతవరకే మా పని. ఇన్నాళ్ళూ మాంసం ముందే ఉడికించి, దాని మీద అన్నం పరిచి దమ్ పెట్టే పక్కీ పద్ధతిలోనే చేస్తూ వచ్చాం. ఇప్పుడు కచ్చి అనగానే పాత ఖాతాదారుల నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. వాటిలో కొన్ని ఊరంతా నమ్మేవే కాబట్టి, ఆర్డర్ సంగతులతో పాటు వాటికీ ఇక్కడే జవాబు చెబుతున్నాను.

అపోహ: పచ్చి మాంసం మీద అన్నం పరిస్తే అన్నం మెత్తబడిపోతుంది గానీ ముక్క ఉడకదు.

ఉడుకుతుంది. కాకపోతే ముక్కకు పట్టే సమయం, అన్నానికి పట్టే సమయం ఒకే చోట కలవాలి. కచ్చిలో అసలు పనితనం అక్కడే ఉంది.

మా హండీలో 5 కిలోల మటన్‌కు 5 కిలోల బాస్మతి పడుతుంది. ఏడాది నిండని మేక తొడ, జబ్బ భాగాలే తీసుకుంటాం. ముదురు మాంసం ఎంత రుచైనా దీనికి పనికిరాదు. అది మెత్తబడేదాకా పొయ్యి మీద ఉంచితే పైనున్న అన్నం ముద్దవుతుంది. ఉప్పు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కారం, మసాలా, పెరుగు, వేయించిన ఉల్లిపాయలు ముందు రాత్రే ముక్కలకు పట్టించి ఫ్రిజ్‌లో పెడతాం. తొక్కతో సహా నూరిన పచ్చి బొప్పాయి మాత్రం హండీ ఎక్కించే 2 గంటల ముందే కలుపుతాం. బొప్పాయిలోని పాపైన్ అనే ఎంజైమ్ మాంసకృత్తులను విడగొడుతుంది. దాన్ని రాత్రంతా ఉంచితే ముక్క పైభాగం పిండిలా రాలిపోతుంది, లోపల మాత్రం పీచు అలాగే ఉంటుంది. ఎక్కడైనా బిర్యానీలో ముక్క నోట్లో పెట్టగానే సున్నంలా అంటుకుందంటే బొప్పాయి ఎక్కువైందని అనుమానించవచ్చు.

ఇక అన్నం. అరగంట నానిన బియ్యాన్ని షాజీరా, యాలకులు, దాల్చినచెక్క వేసిన ఉప్పు నీళ్ళలో ఉడికిస్తాం. సగం ఉడికినప్పుడే కొంత వార్చి ముక్కల మీద పరుస్తాం. మెతుకును వేళ్ళ మధ్య నొక్కితే లోపల తెల్లటి గట్టి పలుకు కనిపించాలి. మిగతాది మరో రెండు మూడు నిమిషాలు ఉడికాక పై పొరగా వేస్తాం. కింది పొరకు మాంసం నుంచి లేచే ఆవిరి నేరుగా తగులుతుంది కాబట్టి అది పచ్చిగా ఉన్నా ఫరవాలేదు. పై పొరకు అంత ఆవిరి అందదు. రెండింటినీ ఒకేలా ఉడికించి వేస్తే అడుగున ముద్ద, పైన పలుకు తప్పవు.

మూతకు గోధుమపిండి చుట్టి, పెద్ద మంట మీద పెడతాం. పిండి అతుకుల దగ్గర ఆవిరి తన్నడం మొదలవగానే అడుగున మందపాటి పెనం, మూత మీద నిప్పులు పెట్టి మంట తగ్గిస్తాం. అక్కడి నుంచి 45 నుంచి 50 నిమిషాలు. మధ్యలో మూత తీసి చూసే వీలు లేదు కాబట్టి మా వంటమాస్టారు హండీకి చెవి దగ్గరగా పెట్టి వింటారు. మొదట పెరుగు నీళ్ళు గుడగుడమంటాయి. ఆ నీరు ఇగిరి నెయ్యి, మసాలా మిగిలేసరికి చప్పుడు సన్నటి చిటపటగా మారుతుంది. మంట ఆపాల్సింది అప్పుడే. ఇంకో అయిదు నిమిషాలు ఆగితే అడుగంటుతుంది. ఆపాక పావుగంట కదిలించకుండా వదిలేస్తాం.

తెరిచాక థర్మామీటర్ సూదిని మందమైన ముక్కలో గుచ్చి చూస్తాం. లోపల 75 డిగ్రీలు దాటితే తినడానికి భద్రమే, కానీ మెత్తదనానికి అది చాలదు. మటన్‌లోని గట్టి పీచు కరగాలంటే అంతకంటే ఎక్కువ వేడిలో చాలాసేపు ఉండాలి. అందుకే సూదితో పాటు ఎముకనూ చూస్తాం. వేలితో లాగితే మాంసం సులువుగా ఊడిరావాలి.

అపోహ: అన్నం తెల్లగా ఉందంటే మసాలా తక్కువ వేశారని.

కచ్చిలో మసాలా మాంసంతో పాటు అడుగునే ఉంటుంది. పైనున్న అన్నం చాలావరకు తెల్లగా, కుంకుమపువ్వు పాలు పడిన చోట మాత్రం పసుపుగా కనిపిస్తుంది. గరిటెను హండీ అంచు నుంచి నిలువుగా దించి, అడుగు దాకా తీస్తేనే అన్ని పొరలూ డబ్బాలోకి వస్తాయి. మీరూ పై అన్నం ఒక్కటే తిని తీర్పు చెప్పకండి. మెతుకు మెతుకూ నారింజ రంగులో మెరిసే బిర్యానీని చూస్తే నాకు ఆకలి కంటే అనుమానమే ముందు కలుగుతుంది. కృత్రిమ రంగులను మిఠాయిలు, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ వంటి కొన్నింటిలోనే, అదీ పరిమితికి లోబడి వాడాలని మన ఆహార భద్రత నిబంధనలు చెబుతాయి. బిర్యానీకి ఆ అనుమతి లేదు.

అపోహ: క్లౌడ్ కిచెన్ కదా, ఎప్పుడడిగినా అరగంటలో వచ్చేయాలి.

పక్కీ అయితే సర్దుకోవచ్చు. కచ్చికి రాత్రి నానబెట్టిన మాంసం ఎంతో, మర్నాటి బిర్యానీ అంతే. అరగంటలో వేడివేడి కచ్చి వచ్చిందంటే ఆ హండీ మీరు అడగకముందే తెరిచి ఉందన్నమాట. అందులో తప్పేమీ లేదు, తెరిచిన హండీని 60 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉంచితే చాలు. దూరం సంగతి వేరు. మూసిన డబ్బాలో ఆవిరి నీరై మళ్ళీ అన్నం మీదే పడుతుంది. మూతకు చిన్న రంధ్రాలు పెట్టినా, ప్రయాణం అరగంట దాటితే మెతుకులు అంటుకోవడం మొదలవుతుంది. మాదాపూర్, కొండాపూర్ నుంచి అడిగేవారికి లేదని చెబుతున్నది అందుకే.

అపోహ: రాత్రి మిగిలింది పొద్దున వేడి చేసుకుంటే సరిపోతుంది.

ఫ్రిజ్‌లో పెట్టినదైతే సరే. రాత్రంతా గట్టు మీద ఉంచినది వద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గది వేడిలో అవి పెరిగి విషపదార్థాన్ని విడుదల చేస్తాయి, అది మళ్ళీ వేడి చేసినా పోదు. డబ్బా అందిన 2 గంటల్లో తినండి, లేదా వెడల్పాటి గిన్నెలో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, పొగలు వచ్చేలా వేడి చేసుకోండి.

ఆర్డర్ వివరాలు

కచ్చి శుక్ర, శని, ఆదివారాల్లోనే. మధ్యాహ్నం హండీ 12:30కు, సాయంత్రం హండీ 7:30కు తెరుస్తాం. ఒక్కో హండీకి సుమారు 30 ప్లేట్లు వస్తాయి. ఏ పూటకైనా ముందు రోజు రాత్రి 8 గంటలలోపు మా వాట్సాప్‌కు పేరు, చిరునామా, ఎన్ని ప్లేట్లు, ఏ పూట అన్నవి పంపండి. యూపీఐలో సొమ్ము అందాక ఖరారు చేస్తాం. ఎవరూ చెప్పుకోని ప్లేట్లేమైనా మిగిలితే ఆ పూట డెలివరీ యాప్‌లలో కనిపిస్తాయి.

ఒక ప్లేటు పన్నుతో కలిపి 420 రూపాయలు. అందులో మూడు ముక్కలు, మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ ఉంటాయి. ముగ్గురు నలుగురికి సరిపోయే పెద్ద డబ్బా 1,250. కారం తగ్గించమంటే ఈ బిర్యానీలో కుదరదు, మసాలా అందరికీ కలిపే పడుతుంది. పిల్లలకైతే పెరుగు చట్నీ అదనంగా అడగండి, ఇస్తాం.

తార్నాక, హబ్సిగూడ, నాచారం, ఉప్పల్, రామంతాపూర్‌లకు డెలివరీ ఉచితం. లాలాపేట, మల్లాపూర్, విద్యానగర్, అంబర్‌పేటలకు 40 రూపాయలు అదనం. మా 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు ప్రతి బిల్లు మీదా ఉంటుంది. ఈ ప్రాంతాలకంటే దూరంలో ఉన్నవారు వంటగదికే వచ్చి తీసుకెళ్ళవచ్చు, అయితే హండీ తెరిచే వేళకే రండి.