మొటిమ పోయినా మచ్చ ఎందుకు పోదు? చామనఛాయ చర్మం గురించి అపోహలు - వాస్తవాలు

చర్మ విభాగం ఓపీలో రోజూ వినిపించే మాట ఇది: "డాక్టర్ గారూ, మొటిమ నాలుగు రోజుల్లో పోయింది, దాని మచ్చ మాత్రం ఆరు నెలలైనా పోవట్లేదు. మచ్చకి గట్టి క్రీము ఏదైనా రాయండి." ఇలా అడిగేవాళ్లు చాలామంది అప్పటికే రెండు మూడు ట్యూబులు వాడేసి ఉంటారు. కొందరు బ్యాగులోంచి తీసి చూపిస్తారు కూడా. దోమ కుట్టిన చోట, నూనె చిందిన చోట, త్రెడ్డింగ్ తర్వాత దద్దురు లేచిన చోట కూడా ఇదే బాధ.

మొటిమ ఒక సమస్య, అది తగ్గాక వచ్చే మచ్చ ఇంకో సమస్య అని అందరూ అనుకుంటారు. నిజానికి మొటిమ వాచిన రోజే మచ్చ తయారవడం మొదలవుతుంది. వాపు తగ్గేదాకా మన కంటికి కనబడదు, అంతే.

రంగు తయారుచేసే మెలనోసైట్ కణాల సంఖ్య తెల్లటి చర్మంలోనూ నల్లటి చర్మంలోనూ దాదాపు ఒకటే. తేడా అవి చేసే పనిలో ఉంది. మన చర్మంలో ఆ కణాలు పెద్ద పెద్ద మెలనిన్ రేణువులు తయారుచేస్తాయి, అవి విడివిడిగా పరుచుకుని ఉంటాయి, నెమ్మదిగా కరుగుతాయి. ఎక్కడైనా వాపు వస్తే అక్కడ విడుదలయ్యే రసాయనాలు ఈ కణాలను రెచ్చగొడతాయి. రెచ్చిపోయిన కణం అవసరానికి మించి రంగు తీసి చుట్టుపక్కల కణాలకు పంచేస్తుంది. ఇది పై పొరలోనే ఆగితే మచ్చ గోధుమ రంగులో ఉంటుంది. చర్మం తనను తాను మార్చుకునే కొద్దీ కొన్ని నెలల్లో పలచబడుతుంది. వాపు ఎక్కువ రోజులు ఉన్నా, గిల్లినా, పై పొర అడుగుభాగం దెబ్బతిని రంగు కింది పొరలోకి జారిపోతుంది. అక్కడి కణాలు దాన్ని మింగి తమలోనే ఉంచుకుంటాయి. అలాంటి మచ్చ బూడిద, నీలం కలిసిన రంగులో కనిపిస్తుంది. ఇది ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, పైన రాసే క్రీములు దానిదాకా సరిగా చేరవు.

అందుకే మచ్చ ఎంత లోతుగా పడుతుందన్నది చాలావరకు వాపు ఎన్ని రోజులు ఉంది, మనం దాన్ని ఎంత రేపాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండూ మొదటి వారాల్లో మన చేతిలో ఉన్న విషయాలే.

అపోహ: "మొటిమ దానంతటదే తగ్గుతుంది, మచ్చకి మందు రాస్తే చాలు."

అందరికీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ముందుగా ఒక చిన్న పరీక్ష. మన చర్మంలో ఎరుపు సరిగా కనబడదు. ఇంకా వాపుతో ఉన్న మొటిమ కూడా ముదురు గోధుమ రంగులోనో ఊదా రంగులోనో ఉంటుంది కాబట్టి జనం దాన్నే మచ్చ అనుకుంటారు. చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని, వేలి కొనతో ఆ చోటు మెల్లగా తడమండి. ఉబ్బుగా తగిలినా, నొప్పి, వెచ్చదనం, దురద ఉన్నా వాపు ఇంకా నడుస్తున్నట్టే. చుట్టూ ఉన్న చర్మంతో సమానంగా, చదునుగా ఉండి రంగు మాత్రమే వేరుగా ఉంటే అది మచ్చ. ఉబ్బుగా ఉన్నంతకాలం మచ్చ క్రీములు రాయడం డబ్బు దండగ. అక్కడ తగ్గించాల్సింది వాపును.

ఇప్పుడు మెడికల్ షాపు ట్యూబు సంగతి. మచ్చలకని అడగ్గానే చేతిలో పెట్టే క్రీముల్లో చాలావాటిలో వాపు అణిచే స్టెరాయిడ్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ జాతి మందైన ట్రెటినోయిన్ మూడూ కలిసి ఉంటాయి. ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ వంటి పేర్లు కనబడితే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. డాక్టరు చూస్తూ ఉండగా, మంగు వంటి కొన్ని సమస్యలకు, కొద్ది వారాల పాటు వాడే మందు ఇది. మొటిమల ముఖానికి సొంతంగా రాసుకుంటే మొదటి పది పదిహేను రోజులు బ్రహ్మాండంగా ఉంటుంది. వాపు అణిగి ముఖం తేటగా కనిపిస్తుంది. పక్కింటివాళ్లకు కూడా ఆ పేరు చెప్పేది ఆ సమయంలోనే. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు తేలతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఒకే సైజు మొటిమలు గుంపుగా లేస్తాయి. ఆపితే మంట, ఎరుపు. ఆ మంట తట్టుకోలేక మళ్లీ రాస్తారు. అలా లేచిన ప్రతి కొత్త మొటిమా ఇంకో మచ్చను మిగిల్చి పోతుంది. నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి. చర్మవైద్యుడికి ఆ ట్యూబు చూపించి, ఎలా తగ్గించుకుంటూ రావాలో తెలుసుకోండి. తెలియక వాడినందుకు సిగ్గుపడాల్సిన పని లేదు.

అలాగని స్టెరాయిడ్ విషం కూడా కాదు. దోమ కుట్టి పిల్లల కాళ్లు ఉబ్బి, రాత్రంతా గోకుతుంటే, ఒక శాతం హైడ్రోకార్టిసోన్ ఆ ఉబ్బు మీద మాత్రమే, రోజుకు రెండుసార్లు, నాలుగైదు రోజులు డాక్టరు సలహాతో రాయడం మచ్చను ఆపే పద్ధతే. గోళ్లు పొట్టిగా కత్తిరించడం, రాత్రి దోమతెర కట్టడం అంతకన్నా ముఖ్యం. వాపు మీద కొద్దిరోజులు వాడితే మేలు చేసే మందునే, వాపు పోయాక మిగిలిన రంగు మీద నెలలు రాస్తే కీడు చేస్తుంది.

మరి మొటిమలకు తొందరగా ఏం చేయాలి? ఉదాహరణకు డిగ్రీ చదివే ఇరవై ఒక్కేళ్ల అమ్మాయిని తీసుకుందాం. గడ్డం మీద, బుగ్గల మీద వారానికి నాలుగైదు మొటిమలు, వెనక పాతిక దాకా గోధుమ మచ్చలు. రాత్రి సబ్బు తక్కువగా ఉండే మామూలు ఫేస్‌వాష్‌తో కడిగి, మెత్తగా అద్ది, పావుగంట ఆరనివ్వాలి. తర్వాత అడాపలీన్ 0.1 శాతం జెల్ బఠాణీ గింజంత తీసుకుని మొటిమలు వచ్చే ప్రాంతమంతా పలచగా పరచాలి. కేవలం మొటిమ మీద చుక్క పెడితే లాభం లేదు, ఎందుకంటే రేపటి మొటిమ ఇప్పుడు పక్కనే కనబడకుండా తయారవుతూ ఉంటుంది. కళ్ల చుట్టూ, ముక్కు మూలల్లో, పెదాల అంచుల్లో రాయకూడదు. దాని మీద మాయిశ్చరైజర్. మొదటి రెండు వారాలు రెండు రాత్రులు విడిచి మూడో రాత్రి, తర్వాత రోజు విడిచి రోజు, తట్టుకుంటే రోజూ. ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం పలచగా. పది శాతం దాంట్లో అదనంగా వచ్చే లాభం తక్కువ, మంట మాత్రం ఎక్కువ. ఇది తగిలితే తువ్వాళ్లు, దిండు గలీబుల రంగు పోతుంది, తెల్లవి వాడండి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. రెండో వారంలో చర్మం కాస్త పొట్టు లేస్తుంది, ఫలితం ఇంకా కనబడదు. ఓపిక పట్టలేక విటమిన్ సి సీరం, ఆసిడ్ టోనర్, స్క్రబ్ ఒక్కొక్కటే జోడిస్తారు. వారం తిరిగేసరికి మూతి చుట్టూ కొత్తగా గోధుమ రంగు పరుచుకుంటుంది. అది మొటిమ మచ్చ కాదు, మందుల మంటకు వచ్చిన మచ్చ. మందు చర్మానికి ఎక్కువైందని ఎలా తెలుస్తుందంటే, ఏ మందూ లేని మామూలు మాయిశ్చరైజర్ రాసినా చురుక్కుమంటుంది. అప్పుడు మందులన్నీ నాలుగైదు రోజులు ఆపి మాయిశ్చరైజర్ ఒక్కటే రాయాలి. చురుకు పోయాక మళ్లీ మూడో రాత్రి లెక్కతో మొదలుపెట్టాలి.

కొత్త మొటిమలు తగ్గడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కొత్తవి ఆగాక పాత మచ్చలు పలచబడటానికి ఇంకో మూడు నుంచి ఆరు నెలలు. పెళ్లి నెల రోజుల్లో ఉందని వచ్చేవాళ్లకు ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది, కానీ తొందరపెడితే ఆ నెలలోనే కొత్త మచ్చలు పడతాయి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు. వాళ్లకు అజెలాయిక్ ఆసిడ్ ఉంది. అది మొటిమనూ మచ్చనూ రెంటినీ తగ్గిస్తుంది.

అపోహ: "నలుపువాళ్లకి సన్‌స్క్రీన్ ఎందుకు? నేను ఎండలో తిరగను కదా."

ఎండ వల్ల కమలడం మనలో తక్కువే. కానీ రెచ్చిపోయిన రంగు కణాన్ని ఎండ ఇంకా రెచ్చగొడుతుంది. అతినీలలోహిత కిరణాలతో పాటు కంటికి కనిపించే వెలుగు కూడా మన చర్మంలో రంగు పెంచుతుంది. కిటికీ పక్కన కూర్చున్నా, బస్సు అద్దం వెనక కూర్చున్నా ఆ వెలుగు పడుతుంది. ఎస్‌పీఎఫ్ అంకె ఈ వెలుగు గురించి ఏమీ చెప్పదు. దాన్ని అడ్డుకునేది ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్. మచ్చలు పడే చర్మం ఉన్నవాళ్లు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న టింటెడ్ రకమే తీసుకోండి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. శనగగింజంత రాస్తే రాయనట్టే. బయట తిరిగే రోజు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి.

మిగతావి గబగబా. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి ముదురు చారలు పడతాయి, నిమ్మలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. వెల్లుల్లి, నల్లజీడి రాయడం కూడా చర్మం కాల్చుకోవడమే. సున్నిపిండి, పీచు పెట్టి రుద్దితే మచ్చ అరగదు, రాపిడికి ఇంకా నల్లబడుతుంది. నీళ్లు ఎక్కువ తాగితే మచ్చలు పోవు. లేజర్, లేదా రసాయనంతో చర్మం పై పొర ఒలిచే పీల్ చేయించుకుంటే ఒక్కసారిలో పోతుందన్నది కూడా నిజం కాదు, సెట్టింగు ఎక్కువైతే ఆ లేజర్ వేడే కొత్త మచ్చ పెడుతుంది. వాపు ఇంకా ఉన్న ముఖం మీద వాటిని చేయించుకోకండి. నూనె చిందితే టూత్‌పేస్టు, ఐస్ వద్దు. ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, బొబ్బ చిదపకండి, పెట్రోలియం జెల్లీ రాసి కప్పి ఉంచండి. గజ్జల్లో తామరకు స్టెరాయిడ్ కలిపిన క్రీములు రాసి నల్లటి వలయాలు పెంచుకుని వచ్చేవాళ్లు కోకొల్లలు. అక్కడ కావాల్సింది ఫంగస్ మందు, పూర్తి కోర్సు.

చివరగా ఒక తేడా గమనించండి. ముందు మొటిమ, దురద, దెబ్బ ఏదీ లేకుండానే నుదురు, కణతలు, మెడ మీద బూడిద రంగు మెల్లగా పరుచుకుంటూ ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, లేదా జుట్టు రంగు, కుంకుమ, స్టిక్కర్ బొట్టు, సెంటు వంటివి పడకపోవడం కావచ్చు. బొట్టు పెట్టే చోటో, జుట్టు రంగు తగిలే అంచునో మొదలైతే అనుమానం బలపడుతుంది. అప్పుడు ప్యాచ్ టెస్ట్ చేయించుకుని ఏది పడటం లేదో తేల్చుకోవాలి. దాన్ని మానకుండా ఎంత ఖరీదైన క్రీము రాసినా ఆ రంగు పెరుగుతూనే ఉంటుంది.