ఆహ్వానం మీద ‘స్మార్ట్ క్యాజువల్’ అని ఉంటే ఏం వేసుకోవాలి?

అబ్బాయిలకు పెదనాన్న ఆశీస్సులు.

పెద్దోడా, నువ్వు పంపిన ఆహ్వానం ఫొటో చూశాను. అడుగున ‘డ్రెస్ కోడ్: స్మార్ట్ క్యాజువల్’ అని ఉంది. దాని కింద నువ్వు ‘సూటా, జీన్సా?’ అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. చిన్నోడూ చదవాలి. వాడికీ రేపో మాపో ఇలాంటి పిలుపు వస్తుంది.

ఆ మాట రాసినవాళ్ళు నిజానికి రెండు వద్దు అంటున్నారు. సూటూ టైతో బిగుసుకుని రావద్దు, ఇంట్లో తిరిగే టీ షర్టుతో, చెప్పులతో రావద్దు. ఈ రెండిటి మధ్య చాలా చోటుంది. ‘బ్లాక్ టై’ అని రాస్తే ఆలోచించే పనే లేదు. నల్ల డిన్నర్ జాకెట్, బో టై అని అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. ‘లౌంజ్ సూట్’ అంటే మామూలు సూటూ టై. స్మార్ట్ క్యాజువల్‌కు మాత్రం అలాంటి యూనిఫాం లేదు. ఎంత పై మెట్టులో ఉండాలో, ఎంత కింది మెట్టులో ఉండాలో నువ్వే తేల్చుకోవాలి. టెన్షన్ అంతా అక్కడే.

ఆ సంగతి తేల్చేది మిగతా ఆహ్వానం. చాలామంది డ్రెస్ కోడ్ ఒక్క లైను చదివి బీరువా తెరుస్తారు. ముందు చూడాల్సింది టైము, చోటు, పిలిచినవాళ్ళు ఎవరు అన్నవి. పగలైతే లేత రంగులు, తేలిక బట్టలు నప్పుతాయి. సాయంత్రం ఆరు దాటితే ముదురు రంగుల వైపు జరగాలి. నాలుగు గోడల మధ్య, పేర్లు రాసి పెట్టిన కుర్చీల్లో కూర్చుని భోంచేసే విందైతే ఒక మెట్టు పైకి ఎక్కాలి. ఆరుబయట నిలబడి కబుర్లు చెప్పుకునే కార్యక్రమమైతే ఒక మెట్టు దిగొచ్చు. పిలిచినవాళ్ళు నీకంటే బాగా పెద్దవాళ్ళైతే పై మెట్టే ఎంచుకో.

నీ ఆహ్వానంలో శనివారం సాయంత్రం ఏడు గంటలకు, హోటల్ పై అంతస్తులోని హాల్లో, సంస్థ పాతికేళ్ళ వేడుక, తర్వాత విందు అని ఉంది. కుటుంబంతో రమ్మన్నారు కాబట్టి మీ పైఅధికారుల ఇళ్ళవాళ్ళు కూడా ఉంటారు. అంటే జాకెట్ వేసుకోవాలి, టై అక్కర్లేదు. ఇదే మాట ఆదివారం ఉదయం పదకొండింటికి పచ్చిక మీద జరిగే కార్యక్రమానికి రాసి ఉంటే జాకెట్ ఊసే ఎత్తేవాణ్ణి కాదు. మంచి చొక్కా, లేత రంగు ప్యాంటు చాలనేవాణ్ణి.

ఇప్పుడు జాకెట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంట్లో సూటు ఉంది కదా అని దాని కోటు తీసి జీన్స్ మీద వేసేస్తారు. అద్దంలో బాగానే కనిపిస్తుంది, హాల్లోకి వెళ్ళాక మాత్రం ప్యాంటు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాడిలా ఉంటుంది. కారణం బట్టలోనే ఉంది. సూటు గుడ్డ సన్నగా, నున్నగా ఉండి లైటు కింద కాస్త మెరుస్తుంది. భుజాల్లో గట్టి ప్యాడింగ్ ఉంటుంది. గుండీలు గుడ్డ రంగులోనే కలిసిపోతాయి. విడిగా వేసుకోవడానికి కుట్టిన జాకెట్ అలా ఉండదు. దగ్గరగా చూస్తే నేత కనిపిస్తుంది, చేత్తో తడిమితే కాస్త గరుగ్గా తగులుతుంది. భుజం మెత్తగా జారుతుంది. చాలావాటికి జేబులు లోపలికి కాకుండా పైన అతికి కుట్టి ఉంటాయి. సన్నని చారల సూటు కోటైతే మరీ ఘోరం, దాన్ని ఏ ప్యాంటు మీదా విడిగా వేసుకోకు. పైగా కోటు ఒక్కటే తరచూ వాడి ఉతికిస్తే కొన్నాళ్ళకు దాని రంగు ప్యాంటు రంగుతో కలవదు, చివరికి సూటే పాడవుతుంది.

ఒక్కటే కొనాలంటే ముదురు నీలం కొను. బూడిద రంగు, గోధుమ రంగు ప్యాంట్లు రెండూ దాని కిందికి వస్తాయి. కొనేటప్పుడు ముందు భుజం చూడు. భుజం కుట్టు నీ భుజం ఎముక ఆగిన చోటే ఆగాలి. చేతుల పొడవు, నడుము దర్జీ సులువుగా సరిచేస్తాడు. భుజం సరిచేయాలంటే జాకెట్ సగం విప్పాలి, కాబట్టి అక్కడ తేడా ఉంటే వదిలెయ్. చెయ్యి కిందికి వదిలితే చొక్కా కఫ్ ఒక సెంటీమీటరు బయటికి కనిపించేంత ఉంటే చాలు.

కొత్త జాకెట్‌కు వెనక చీలిక దగ్గర గుణకారం గుర్తులా దారంతో ఒక కుట్టు ఉంటుంది. దుకాణంలో నలగకుండా వేసిన తాత్కాలిక కుట్టు అది. చిన్న కత్తెరతో దారాన్ని మాత్రమే కత్తిరించి లాగెయ్యాలి. చేతి అంచు మీద కంపెనీ పేరున్న పట్టీ కుట్టి ఉంటే అదీ తీసెయ్యాలి. పెద్ద పెద్ద పార్టీల్లో కూడా ఆ కుట్టుతోనే తిరిగేవాళ్ళను చూస్తుంటాను, చెప్పాలంటే మొహమాటం. జేబులు కూడా ఒక్కోసారి సన్నని దారంతో మూసి ఉంటాయి. కావాలంటే విప్పుకో, కానీ వాటిలో ఫోనూ తాళాలూ వేస్తే జాకెట్ ఒక పక్కకు లాగేస్తుంది. రెండు గుండీల జాకెట్‌లో పై గుండీ ఒక్కటే పెట్టుకుని, కూర్చునేటప్పుడు అదీ విప్పాలి.

లోపల వేసే చొక్కా టై లేకుండా నిలబడగలిగేది కావాలి. నీ దగ్గరున్న ఆఫీసు తెల్ల చొక్కా టై కోసం కుట్టింది. టై తీసేస్తే దాని కాలర్ పక్కలకు వాలి జాకెట్ అంచు కిందికి దూరిపోతుంది, గంట గడిచేసరికి పీక దగ్గర అంతా నలిగిపోయి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ అనే కాస్త మందపాటి నూలు గుడ్డతో కుట్టిన, కాలర్ కొసలకు చిన్న గుండీలుండే చొక్కా తీసుకో. ఆ గుండీలే కాలర్‌ను నిలబెడతాయి. పోలో ఆటగాళ్ళు గుర్రం మీద ఉన్నప్పుడు కాలర్ ఎగిరి మొహానికి తగలకుండా అలా బిగించుకునేవాళ్ళని, అది చూసే ఇలాంటి చొక్కాలు తయారుచేశామని అమెరికాలోని బ్రూక్స్ బ్రదర్స్ కంపెనీ చెప్పుకుంటుంది. లేత నీలం రంగు దాదాపు అందరికీ నప్పుతుంది. పై గుండీ ఒక్కటి విప్పు. మూడు విప్పావంటే వేరే రకం వేడుక అవుతుంది. లోపలి బనియన్ పీక దగ్గర కనిపించకూడదు.

చొక్కా టక్ చెయ్యాలా వద్దా అని చిన్నోడు తప్పకుండా అడుగుతాడు. జాకెట్ వేస్తే టక్ చెయ్యాల్సిందే, లేకపోతే జాకెట్ కింద నుంచి చొక్కా వేలాడుతుంది. జాకెట్ లేనప్పుడు చొక్కా కింది అంచే చెప్తుంది. ముందూ వెనకా పొడుగ్గా, పక్కల పైకి వంపు తిరిగి ఉంటే అది లోపలికి దోపడానికి కుట్టింది. అంచు తిన్నగా ఉండి, బెల్ట్ దాటి ప్యాంటు వెనక జేబుల మధ్య వరకు వస్తే బయటికి వదిలెయ్యొచ్చు. జేబులు పూర్తిగా కప్పేస్తే ఎవరిదో అరువు చొక్కాలా కనిపిస్తుంది.

ప్యాంటు గురించి పెద్దగా చెప్పేది లేదు. నీకు చినోస్ అనే నూలు ప్యాంటు చాలు, బూడిద రంగైనా గోధుమ రంగైనా. జీన్స్ తప్పని కాదు. ముదురు నీలం రంగుది, చిరుగులూ వెలిసిన మచ్చలూ లేనిది, మడమ దగ్గర ముడతలు పడి పోగవ్వనిదైతే చాలా చోట్ల చెల్లుతుంది. కానీ కొన్ని క్లబ్బులూ హోటళ్ళూ డెనిమ్ వేసుకున్నవాళ్ళను లోపలికి రానివ్వవు. ఆ నియమం నిన్ను పిలిచినవాళ్ళది కాదు, ఆ చోటుది. అందుకే ముందే ఆ హోటల్ వెబ్‌సైట్ చూడు, లేదా ఫోన్ చేసి కనుక్కో.

ఇక బూట్లు. నన్నడిగితే స్మార్ట్ క్యాజువల్‌ను నిలబెట్టేదీ పడగొట్టేదీ ఇవే. ఒకే నీలం జాకెట్, ఒకే చినోస్ కింద నల్లగా మెరిసే లేసుల ఆఫీసు బూట్లు వేస్తే ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటుంది. పరుగు కోసం చేసిన, లావు సోలున్న రంగుల స్నీకర్లు వేస్తే సగం దారిలో జిమ్ నుంచి వచ్చినట్టుంటుంది. గోధుమ రంగు తోలు లోఫర్లు, అంటే లేసుల్లేని బూట్లు వేస్తే అన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. స్వెడ్ అంటే నూగు తోలుదైతే ఇంకా హాయిగా ఉంటుంది, కానీ వాన పడేలా ఉంటే వద్దు, నీటి మరకలు పడతాయి. శుభ్రంగా ఉన్న, బొమ్మలూ పెద్ద లోగోలూ లేని తెల్ల తోలు స్నీకర్లు ఆదివారం పగటి కార్యక్రమానికి బాగానే ఉంటాయి. నీ శనివారం విందుకు నేనైతే వెయ్యను. స్నీకర్లు వేసినప్పుడు సోల్ పక్కన ఉండే తెల్ల అంచు తడి గుడ్డతో తుడువు, మురికి ముందు కనిపించేది అక్కడే. బెల్ట్ బూట్ల రంగుకు దగ్గరగా ఉంటే చాలు, అచ్చంగా అదే రంగు కానక్కర్లేదు. కానీ పెద్ద లోగో బకిల్ మాత్రం వద్దు. కూర్చున్నప్పుడు ప్యాంటు పైకి జరుగుతుంది కాబట్టి మేజోళ్ళు పిక్క మధ్య దాకా ఉండేవి వేసుకో.

వీటన్నిటినీ ముందు రోజు రాత్రే ఒకసారి వేసుకుని, కుర్చీలో కూర్చుని చూడు. నిలబడ్డప్పుడు తెలియని సంగతులు కూర్చుంటే బయటపడతాయి. చొక్కా పొట్ట దగ్గర గుండీల మధ్య నోరు తెరుస్తుందా, జాకెట్ వెనక కాలర్ మెడకు ఎడంగా లేస్తుందా చూసుకో. ఇస్త్రీ చేయించాల్సిందేమైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది.

అంత చేసినా లోపలికి వెళ్ళాక అందరూ చొక్కాల్లోనే కనిపించారనుకో. జాకెట్ తీసి కుర్చీ వెనక వేసి, చేతులు రెండు మడతలు పైకి మడుచుకో. అక్కడికి సరిపోతావు. చొక్కా ఒక్కటే వేసుకుని వెళ్ళి, అందరూ జాకెట్లలో ఉంటే మాత్రం అప్పటికప్పుడు చేసేదేమీ ఉండదు. అనుమానంగా ఉన్నప్పుడు జాకెట్ తీసుకెళ్ళమనేది అందుకే.

అప్పటికీ తేలకపోతే పిలిచినవాళ్ళనే అడుగు, అందులో నామోషీ ఏం లేదు. ‘ఏం వేసుకోవాలండీ?’ అని అడిగితే ‘మీ ఇష్టమండీ’ అంటారు, నీకు పని జరగదు. ‘మీరు జాకెట్ వేసుకుంటున్నారా?’ అని అడుగు. అవుననో కాదనో తేలిపోతుంది.

శుక్రవారం రాత్రి బట్టలన్నీ వేసుకుని ఫొటో పంపు. కాళ్ళ దాకా కనిపించేలా తియ్యి, నడుము దాకా తీసి పంపితే నేను చెప్పేదేమీ ఉండదు.

ఇట్లు,
మీ పెదనాన్న