నోరు తిరగని పద్యాలు: అపోహలు - వాస్తవాలు

మాట స్పష్టంగా రావాలని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో యాంకరింగ్ నేర్చుకునేవాళ్ళు, నాటకాల వాళ్ళు, కొత్తగా పాఠాలు చెబుతున్న టీచర్లు ఎక్కువ. వచ్చిన రోజే చాలామంది, "లక్ష భక్ష్యాలు..." గడగడా అప్పజెప్పేసి "బాగానే వచ్చిందా?" అని అడుగుతారు. సగం ఒత్తులు మింగేసి ఉంటారు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, ఎందుకంటే వేగంలో అది వాళ్ళ చెవికే దొరకదు.

అపోహ: ఒత్తులు లేకపోతే సులువు, ఒత్తులుంటే కష్టం.

సగమే నిజం. నల్ల లారీ, ఎర్ర లారీ అని నాలుగుసార్లు వరసగా అనిపించి చూడండి. అందులో ఉన్నవి రెండు ద్విత్వాలే, అయినా నాలుక మడతపడుతుంది. దగ్గర దగ్గర చోట్ల పుట్టే ధ్వనులు ఒకదాని వెంట ఒకటి మారుతూ రావడమే అక్కడ అసలు చిక్కు. ల, ర, ళ మూడింటికీ పని నాలుక కొసదే. ల అన్నప్పుడు కొస పళ్ళ వెనక ఆనుకుంటుంది, ర అన్నప్పుడు కొట్టుకుని వదిలేస్తుంది, ళ అన్నప్పుడు వెనక్కి మడుచుకుంటుంది. ఒకటి పూర్తయ్యేలోపు ఇంకొకటి మొదలుపెట్టాలి.

అందుకని నేను మొదట ఎక్కువగా పెదవులతో అయిపోయేది ఇస్తాను:

పాప పాట పాడె, బాబు బూర ఊదె,
మామ మేక మేపె, బావ బావి తోడె.

ఇది దాదాపు అందరికీ మొదటిసారే వస్తుంది. ఆ తర్వాతిది చూడ్డానికి ఇంతకంటే అమాయకంగా ఉంటుంది:

రేలపూలు రాలు వేళ
రాలు పూలు లీల ఏరె;
లీల ఏరు పూలు వేలు,
వేళ మీరె, లేవె లీల.

ఒక్క ఒత్తు కూడా లేదు. అయినా రెండో పాదంలో "లీల ఏలె" అనేవాళ్ళు చాలామంది. మూడు, నాలుగు పాదాల మధ్య "వేలు"లో ల, "వేళ"లో ళ ఒకేలా వినిపిస్తే ళ పోయినట్టే. ఈ నాలుగు పాదాలూ నెమ్మదిగా శుభ్రంగా వచ్చేదాకా ఒత్తుల జోలికి వెళ్ళనివ్వను.

అపోహ: ఒత్తు పలకాలంటే ఆ ఒత్తుని గట్టిగా నొక్కాలి.

నేను ఎక్కువగా సరిదిద్దేది దీన్నే. చూడ్డానికి ఒత్తు అక్షరం కింద ఉంటుంది కాబట్టి కళ్ళు అక్కడికే పోతాయి. నోటికి మాత్రం పని ముందు అక్షరం దగ్గరే మొదలవుతుంది. రాతలో "ప-క్షి", నోట్లో "పక్-షి". క్ వెళ్ళి ముందున్న ప తో కలిసిపోతుంది. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందని బళ్ళో చదువుకున్నది ఇదే. ప ఒంటరిగా ఉంటే ఒక మాత్ర, పక్ అయ్యాక రెండు. ఆ రెండో మాత్ర ఇవ్వకుండా ఒత్తు మీదికి దూకితే ఒత్తు పలకదు.

ద్విత్వంతో మొదలుపెడితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది:

చెట్టు మీద పిట్ట గూడు,
గూడు లోన గుడ్డు మూడు.

"గూడు", "గుడ్డు" రెండూ మూడు మాత్రలే. మొదటిదాంట్లో సాగేది అచ్చు, రెండోదాంట్లో ఆగేది హల్లు. గుడ్డు అన్నప్పుడు నాలుక డ్ దగ్గర ఆనుకుని ఒక్క క్షణం అక్కడే ఉండాలి. తొందరపడేవాళ్ళు ఆ ఆగడాన్ని తినేస్తారు, "గుడు" అని వినిపిస్తుంది.

ఇది కుదిరాక క్ష, క్ష్య, క్ష్మ:

వృక్షమందు పక్షి దీక్ష,
పక్షి దీక్ష వృక్ష రక్ష;
వృక్ష రక్ష లక్ష్యమైన
లక్ష్మి చేయు పక్షి రక్ష.

వార్తలు చదవడం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి మొదటి రెండు పాదాలు చక్కగా చదివేది. మూడో పాదంలో ప్రతిసారీ "లక్షమైన" అనేది. "లక్ష్యం" అని విడిగా అడిగితే తప్పు లేకుండా చెప్పేది. ఎందుకంటే ముందు రెండు పాదాల్లో వరసగా క్ష, క్ష, క్ష అని వచ్చి నాలుక ఆ దారికి అలవాటు పడిపోయింది, య వచ్చేసరికి దాని మీదుగా జారిపోయింది. ఇలాంటప్పుడు మొదటి నుంచి మళ్ళీ మళ్ళీ చదివిస్తే ఆ జారుడే గట్టిపడుతుంది. అందుకని చివరి నుంచి కట్టుకుంటూ వచ్చాం: "మైన", "ష్యమైన", తర్వాత "లక్" దగ్గర ఆగి, గాలి బిగబట్టి, "ష్యమైన". ఆ ఆగడంలో నాలుక వెనక భాగం క్ దగ్గర మూసుకునే ఉంటుంది, కొస మాత్రం ష కోసం ముందే లేస్తుంది. వదలగానే నేరుగా ష లోకి పోవాలి, వెంటనే నాలుక మధ్య భాగం య కోసం పైకి రావాలి. అది కుదిరాక ముందు "రక్ష" చేర్చాం, తర్వాత "వృక్ష రక్ష". పాదం మొత్తం ఆఖరున.

ఇంట్లో ఒక్కరే ఉండి పరీక్షించుకోవాలంటే చప్పట్లు చాలు. "లక్ష్మి"కి రెండే చప్పట్లు పడాలి: లక్, ష్మి. మూడు పడ్డాయంటే క్ తర్వాతో ష్ తర్వాతో చిన్న ఇకారమో ఉకారమో దూరిందన్నమాట. "ప్రేమ" "పెరేమ" అయ్యేది కూడా ఇలాగే. కానీ "లక్ష్యమైన" కాస్తా "లక్షమైన" అయితే చప్పట్లు పట్టుకోలేవు, రెండింటికీ నాలుగే. దానికి ఫోన్‌లో రికార్డు చేసుకుని, వేగం తగ్గించి వినాల్సిందే. మీరు పలికేటప్పుడు మీ చెవి మీరు అనుకున్న మాటనే వింటుంది.

అపోహ: ఎంత వేగంగా అంటే అంత సాధన.

పై పద్యాలన్నిటిలో గురువు, లఘువు జంటలుగా నడుస్తాయి. రే-ల, పూ-లు, లక్-ష్య. జంటకో చప్పట, నిమిషానికి 60తో మొదలుపెట్టండి. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 10 పెంచండి. ఎక్కడ ఒత్తు విరిగితే అక్కడి నుంచి 10 వెనక్కి రండి. వేగం పెరిగేకొద్దీ ముందు పోయేది గురువులోని రెండో మాత్ర, కాబట్టి చెవి దాని మీద ఉంచితే చాలు.

అపోహ: నోట్లో గులకరాళ్ళో, పళ్ళ మధ్య పెన్నో పెట్టుకుని చదివితే నాలుక తిరుగుతుంది.

రాయి గొంతులోకి జారే ప్రమాదం సరే, లాభం కూడా లేదు. పెన్ను అడ్డం ఉన్నప్పుడు నాలుక నేర్చుకునేది పెన్నుని తప్పించుకోవడం. తీసేశాక ఆ నేర్పు దేనికీ పనికిరాదు.

అపోహ: ఇవి చదివితే నత్తి పోతుంది.

పోదు. నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి ఏ ధ్వని ఎలా పలకాలో బాగానే వచ్చు, మాట సాఫీగా సాగే దగ్గరే ఇబ్బంది. అందరి ముందు నిలబెట్టి ఇలాంటి పద్యం చదివిస్తే టెన్షన్ పెరిగి మాట ఇంకా ఆగుతుంది. వాళ్ళు స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి, నా దగ్గరికి వచ్చినా నేను అక్కడికే పంపిస్తాను. చిన్నపిల్లల సంగతి వేరు. ర, ళ లాంటివి కొందరికి ఆరేడేళ్ళ దాకా కుదరవు. వాళ్ళకి రేలపూల పద్యం కూడా ఎక్కువే, పాప పాటతో ఆపేయండి. బయటివాళ్ళకి మాట అసలే అర్థం కాకపోతే మాత్రం వయసు వచ్చేదాకా ఆగకుండా చూపించుకోవడం మంచిది.